రిగ్రెషన్ టేబుల్ వచ్చింది, ఫలితాల అధ్యాయంలో ఏం రాయాలి?

తిరుపతిలో ఒక ఎం.ఎడ్. వైవాలో వెనక వరుసలో కూర్చుని విన్న మాట ఇది. అమ్మాయి డిసర్టేషన్ విద్యార్థుల సాధన మీద. ఇల్లు, బడి, విద్యార్థి అనే మూడు రకాల అంశాలు పెట్టి రిగ్రెషన్ చేసింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక పేజీ తిప్పి, "ఏమ్మా, ఇంటి వాతావరణానికీ మార్కులకీ సంబంధం లేదని రాశావు. అంతకు ముందు పేజీలో సంబంధం ఉందని రాశావు. ఏది నిజం?" అని అడిగారు. ఆ అమ్మాయి తడబడి, రెండో దాన్ని కొట్టేస్తాను సార్ అంది. కొట్టేయాల్సిన పని లేదు. రెండు టేబుళ్లూ సరైనవే, వాటి కింద రాసిన వాక్యాలే తప్పు. ఆ వాక్యాలు ఎలా రాయాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ఇందులోని అంకెలు నేర్చుకోవడానికి నేను కూర్చినవే, ఏ సర్వే నుంచీ తెచ్చినవి కావు. తిరుపతి పట్టణం, చంద్రగిరి, రేణిగుంట ప్రాంతాల్లో ఎనిమిది ఉన్నత పాఠశాలలు అనుకోండి. నాలుగు ప్రభుత్వానివి, నాలుగు ప్రైవేటువి. ఒక్కో బడిలో 30 మంది చొప్పున తొమ్మిదో తరగతి పిల్లలు 240 మంది. సాధన పరీక్ష 100 మార్కులకు. ఇంటి వైపు నుంచి తల్లి ఎన్నేళ్లు చదువుకుంది, ఇంట్లో చదువు వాతావరణం ఎలా ఉంది అనే రెండు చరాలు. బడి వైపు నుంచి అది ప్రభుత్వ బడా ప్రైవేటుదా, టీచర్ సహాయం ఎంత అందుతోంది అనేవి. విద్యార్థి వైపు నుంచి రోజుకు ఇంట్లో చదివే గంటలు, పరీక్ష భయం. ఇంటి వాతావరణం ప్రశ్నావళి స్కోరు 20 నుంచి 100 దాకా ఉంటుంది. టీచర్ సహాయం, పరీక్ష భయం స్కోర్లు 10 నుంచి 50 దాకా.

ఇక్కడే ఒక చిన్న మాట. మీ డిసర్టేషన్ పేరులో "చిత్తూరు జిల్లా" అని ఉంటే, ఏ చిత్తూరు జిల్లానో అధ్యాయం మొదట్లోనే చెప్పండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. పైన చెప్పిన బడులన్నీ ఇప్పుడు తిరుపతి జిల్లాలోవి. పాత డిసర్టేషన్లలోని చిత్తూరు జిల్లా ఫలితాలతో మీవి పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోకపోతే, వేరువేరు ప్రాంతాలను ఒకే పేరుతో పోల్చినట్టవుతుంది.

మొదటి పని: డేటాను కంటితో చూడండి

ఏ బటనూ నొక్కక ముందు ప్రతి చరానికీ కనిష్ఠం, గరిష్ఠం, సగటు తీయండి. ఒకసారి నా దగ్గరికి వచ్చిన ఫైల్లో పిల్లలు రోజుకు చదివే గంటల సగటు 4.9 అని ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు బడి, ట్యూషన్ అయ్యాక ఇంట్లో అయిదు గంటలు చదువుతారా? గరిష్ఠం చూస్తే 99. జవాబు రాయని ఆరుగురికి 99 అని కోడ్ వేసి, అది "జవాబు లేదు" అన్న గుర్తని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం మరిచిపోయారు. ఆ ఆరుగురినీ పక్కన పెడితే సగటు 2.5 గంటలకు దిగింది. 240 మందిలో ఆరుగురు చాలు, మొత్తం గుణకాన్ని తారుమారు చేయడానికి. ఎస్‌పీఎస్‌ఎస్‌లో అయితే Variable View లో Missing గడిలో 99 రాయాలి.

రెండోది హాస్టల్ పిల్లలు. మన జిల్లాల్లో సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలు దాదాపు ప్రతి ప్రభుత్వ శాంపిల్లోనూ తగులుతారు. "మీ ఇంట్లో చదువుకోవడానికి విడిగా చోటు ఉందా?" అన్న ప్రశ్నకు హాస్టల్లో ఉండే పాప ఏ ఇంటి గురించి జవాబు చెప్పాలి? సెలవులకు వెళ్లే ఊరి ఇల్లా, పదిమందితో కలిసి పడుకునే గదా? ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా చెబుతారు. ఆ స్కోరుకు అర్థం ఉండదు. మన ఉదాహరణలో 252 మంది దగ్గర డేటా తీసుకుని, 12 మంది హాస్టల్ పిల్లలను విశ్లేషణ నుంచి పక్కన పెట్టాం, 240 మిగిలారు అనుకుందాం. అలా చేసినప్పుడు ఆ సంఖ్యనూ కారణాన్నీ రెండు వాక్యాల్లో రాయండి. మీ ఫలితాలు ఇంటి నుంచి బడికి వచ్చే పిల్లలకే వర్తిస్తాయని కూడా అక్కడే చెప్పేయండి.

రెండో పని: ఏ వరుసలో పెట్టాలో ముందే తేల్చుకోండి

ఆరు చరాలనూ ఒకేసారి గుమ్మరించకుండా మూడు మెట్లలో పెడతాం. మొదట ఇల్లు, తర్వాత బడి, ఆఖరున విద్యార్థి. ఈ వరుసకు కారణం ఉండాలి. పిల్ల బడిలో చేరక ముందే ఇల్లు ఉంది. ఏ బడిలో చేర్చాలన్నది చాలావరకు ఇంట్లోనే తేలుతుంది. రోజూ ఎంతసేపు చదువుతుంది, పరీక్షంటే ఎంత టెన్షన్ పడుతుంది అన్నవి ఇల్లూ బడీ కలిసి తీర్చిదిద్దే సంగతులు. కాబట్టి అవి చివర. ఈ కారణాన్ని మూడో అధ్యాయంలో, అంటే పద్ధతి చెప్పే చోట రాయాలి. ఫలితం చూశాక వరుస మార్చకూడదు. Stepwise అనే పద్ధతి జోలికి అసలు వెళ్లకండి. అందులో ఏ చరం ముందు రావాలో మీ పరికల్పన నిర్ణయించదు, ఆ శాంపిల్లోని చిన్న చిన్న తేడాలు నిర్ణయిస్తాయి.

ఎస్‌పీఎస్‌ఎస్‌లో దారి ఇది: Analyze, Regression, Linear. మార్కులను Dependent లో పెట్టి, ఇంటి చరాలు రెండూ ఇచ్చి Next నొక్కండి. బడి చరాలు ఇచ్చి మళ్లీ Next. తర్వాత విద్యార్థి చరాలు. Method మూడు చోట్లా Enter గానే ఉండాలి. Statistics లో R squared change, Confidence intervals, Collinearity diagnostics టిక్ చేయండి. Plots లో Y దగ్గర *ZRESID, X దగ్గర *ZPRED పెట్టండి.

ఎస్‌పీఎస్‌ఎస్ లైసెన్స్ లేనివాళ్లు ఉచితంగా దొరికే ఆర్‌లో ఇలా చేయవచ్చు:

```r
m1 <- lm(marks ~ mother_edu + home_env, data = d)
m2 <- update(m1, . ~ . + private + teacher)
m3 <- update(m2, . ~ . + hours + anxiety)
anova(m1, m2)
anova(m2, m3)
summary(m3)
confint(m3)
```

`anova(m1, m2, m3)` అని ఒక్క లైన్లో రాయొచ్చు కదా అనిపిస్తుంది. అలా రాస్తే రెండో మెట్టు F విలువను మూడో మోడల్లో మిగిలిన దోషంతో భాగించి ఇస్తుంది. అది ఎస్‌పీఎస్‌ఎస్ ఇచ్చే F Change తో కలవదు. మన ఉదాహరణలో 9.28 రావాల్సిన చోట 11.27 వస్తుంది. మీ ఫ్రెండ్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో చేసిన దానితో పోల్చుకుని కంగారు పడకుండా రెండు లైన్లుగానే రాయండి.

ZRESID ప్లాట్‌లో చుక్కలు సున్నా గీతకు అటూ ఇటూ ఒకే మందంగా చెదిరి ఉండాలి. గరాటులా ఒకవైపు విచ్చుకున్నా, అరటిపండులా వంగినా గైడ్‌కు చూపించి మాట్లాడండి. VIF విలువలు మన ఉదాహరణలో అన్నీ 1.5 లోపే ఉన్నాయి, అంటే చరాలు ఒకదాని మీద ఒకటి మరీ పడి లేవు.

మూడో పని: Model Summary చదవడం

మొదటి మెట్టులో R Square 0.18. రెండో మెట్టులో 0.24. మూడో మెట్టులో 0.38. పెరుగుదల వరుసగా 0.18, 0.06, 0.14. F Change విలువలు 26.01, 9.28, 26.31. పాత వెర్షన్లలో మూడింటికీ Sig. గడిలో .000 అని కనిపిస్తుంది. దాన్ని అలాగే దించుకోకండి. సంభావ్యత సున్నా ఎప్పుడూ కాదు, మూడు దశాంశాల్లో పట్టలేదంతే. p < 0.001 అని రాయాలి.

ఇక్కడ దాదాపు అందరూ రాసే వాక్యం ఒకటుంది: "ఇల్లు 18 శాతం, విద్యార్థి అంశాలు 14 శాతం, బడి 6 శాతం వివరిస్తున్నాయి కాబట్టి ఇల్లే అన్నిటికన్నా ముఖ్యం." ఇది తప్పు. ముందు ఎవరిని కూర్చోబెడితే వాళ్లు ఉమ్మడి వాటాను కూడా తమ ఖాతాలో వేసుకుంటారు. ఇల్లు మొదట వచ్చింది కాబట్టి, తనకూ చదువు గంటలకూ కలిపి ఉన్న వాటా మొత్తం దానికే వెళ్లింది. అదే ఇంటి చరాలను చివరి మెట్టులో పెట్టి చూడండి. ఇదే డేటాలో ఇంటి వాటా 0.18 నుంచి 0.03 కి పడిపోతుంది. మొత్తం 0.38 మాత్రం మారదు, ఆఖరి మోడల్ గుణకాలూ మారవు. మారేది పంపకం ఒక్కటే. అందుకని మీ వాక్యం ఇలా ఉండాలి: "ఇల్లు, బడి అంశాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, విద్యార్థి అంశాలు మార్కుల్లోని వ్యత్యాసంలో అదనంగా 14 శాతాన్ని వివరించాయి." అదనంగా అన్న ఆ ఒక్క మాట మరవకండి.

నాలుగో పని: గుణకాల టేబుల్

ఆఖరి మోడల్ ఇది.

| చరం | B | ప్రామాణిక దోషం | Beta | p | 95% అవధి |
|---|---|---|---|---|---|
| తల్లి చదివిన ఏళ్లు | 0.60 | 0.24 | 0.15 | 0.013 | 0.13 నుంచి 1.07 |
| ఇంటి వాతావరణం | 0.09 | 0.08 | 0.07 | 0.26 | −0.07 నుంచి 0.25 |
| ప్రైవేటు బడి | 2.40 | 1.90 | 0.08 | 0.21 | −1.34 నుంచి 6.14 |
| టీచర్ సహాయం | 0.34 | 0.11 | 0.17 | 0.002 | 0.12 నుంచి 0.56 |
| చదివే గంటలు | 3.20 | 0.77 | 0.24 | < 0.001 | 1.68 నుంచి 4.72 |
| పరీక్ష భయం | −0.64 | 0.13 | −0.28 | < 0.001 | −0.90 నుంచి −0.38 |

ముందు B ని మార్కుల భాషలోకి మార్చండి. తల్లి చదువు B విలువ 0.60. మిగతా అయిదు చరాల్లోనూ సమానంగా ఉన్న ఇద్దరు పిల్లల్ని తీసుకుంటే, తల్లి ఒక ఏడాది ఎక్కువ చదువుకున్న పిల్లకు సగటున 0.60 మార్కులు ఎక్కువ వస్తాయని దాని అర్థం. ఒకరి తల్లి అయిదో తరగతి, ఇంకొకరి తల్లి పదో తరగతి అయితే తేడా అయిదేళ్లు, అంటే 3 మార్కులు. ఇలా రాస్తే చదివే టీచరుకు వెంటనే అర్థమవుతుంది. "మిగతావి సమానంగా ఉంటే" అన్న మాట మాత్రం ప్రతి చరం దగ్గరా ఉండాలి, లేదా టేబుల్ కింద ఒకసారి గట్టిగా చెప్పాలి.

Beta వేరే పనికి. గంటల్లో, ఏళ్లలో, స్కోర్లలో కొలిచిన చరాలను ఒకే కొలబద్ద మీదికి తెస్తుంది. పరీక్ష భయం Beta −0.28 అంటే, భయం ఒక ప్రామాణిక విచలనం పెరిగితే మార్కులు 0.28 ప్రామాణిక విచలనం తక్కువగా కనిపిస్తున్నాయి. మన డేటాలో మార్కుల ప్రామాణిక విచలనం 16, కాబట్టి సుమారు నాలుగున్నర మార్కులు. బడి రకానికి మాత్రం Beta చెప్పకండి. ప్రభుత్వ బడికి 0, ప్రైవేటుకు 1 అని కోడ్ చేసిన చరంలో "ఒక ప్రామాణిక విచలనం" అంటే సగం బడి మారడం, దానికి అర్థం లేదు. అక్కడ B చాలు.

బడి రకం B విలువ 2.40, కానీ అవధి మైనస్ నుంచి ప్లస్ దాకా పోయింది. "ప్రభుత్వ, ప్రైవేటు బడుల మధ్య తేడా లేదు" అని రాయకండి. తేడా ప్రభుత్వ బడి వైపు ఒక మార్కు కావచ్చు, ప్రైవేటు వైపు ఆరు మార్కులూ కావచ్చు, ఈ డేటా తేల్చలేకపోయింది. రాయాల్సింది అదే.

అయిదో పని: ఇంటి వాతావరణం ఎక్కడికి పోయింది?

వైవాలో ఆ అమ్మాయి చిక్కుకున్నది ఇక్కడే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం. సహసంబంధాల టేబుల్లో ఇంటి వాతావరణానికీ మార్కులకూ r = 0.33. మొదటి మోడల్లో B 0.27, సార్థకమే. ఆఖరి మోడల్లో 0.09, సార్థకం కాదు. మూడు చోట్ల మూడు జవాబులు కనిపిస్తున్నాయి, ఎందుకంటే మూడు చోట్లా అడిగిన ప్రశ్న వేరు. మొదటిది: మంచి వాతావరణం ఉన్న ఇళ్ల పిల్లలకు ఎక్కువ మార్కులు వస్తున్నాయా? వస్తున్నాయి. రెండోది: తల్లి చదువు సమానంగా ఉన్నా అలాగే కనిపిస్తుందా? కనిపిస్తుంది. ఆఖరిది: బడి, టీచర్ సహాయం, చదివే గంటలు, భయం కూడా సమానంగా ఉన్నాక ఇంకా ఏమైనా మిగిలిందా? పెద్దగా మిగల్లేదు.

ఒక ఇంటిని ఊహించుకోండి. నాన్న కొండ మీద రాత్రి డ్యూటీ చేసి వచ్చి పొద్దున పడుకుంటాడు. అయినా సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా టీవీ కట్టేస్తారు, అమ్మ పక్కనే కూర్చుని పూలు కట్టుకుంటూ ఉంటుంది. ఆ ఇంటి మంచి వాతావరణం పిల్ల మార్కుల్లోకి ఏ దారిన వెళుతుంది? చాలావరకు ఆ రెండు గంటల చదువు గుండానే. మీరు మోడల్లో చదివే గంటలను "సమానం" చేసేసరికి, ఆ ఇల్లు ఇచ్చిన మేలును కూడా పక్కకు తీసేశారు. ఇక ఇంటికి మిగిలేది ఏముంటుంది?

అందుకని రాయాల్సిన తీరు ఇది: "ఇంటి వాతావరణం ఒంటరిగానూ, తల్లి చదువును నియంత్రించాకానూ సాధనతో సార్థక సంబంధం చూపింది. బడి, విద్యార్థి అంశాలు చేర్చాక ఆ గుణకం 0.27 నుంచి 0.09 కి తగ్గింది. ఇంటి వాతావరణానికీ సాధనకూ ఉన్న సంబంధంలో ఎక్కువ భాగం ఈ అంశాలతో కలిసి ఉన్నదే అని దీన్నిబట్టి భావించవచ్చు." గమనించండి, "ఇల్లు చదివే గంటల ద్వారా పనిచేస్తుంది" అని తేల్చి చెప్పలేదు. ఆ దారి నిజంగా ఉందని చూపాలంటే mediation అనే మధ్యవర్తి చరాల విశ్లేషణ విడిగా చేయాలి. అది చేసినా, అన్నీ ఒకే రోజు ఒకే ప్రశ్నావళితో కొలిచిన డేటా కాబట్టి ఏది ముందు ఏది వెనక అన్నది తేలదు. గుణకం ఏ మెట్టు దగ్గర తగ్గిందో కూడా రెండో మోడల్ చూసి చెప్పండి. బడి చేర్చగానే తగ్గిందా, గంటలు చేర్చాక తగ్గిందా అన్నదాన్ని బట్టి మీ చర్చ అధ్యాయం దారి మారుతుంది.

పరీక్ష భయం విషయంలోనూ ఇదే జాగ్రత్త. భయం వల్ల మార్కులు తగ్గాయా, గత పరీక్షల్లో మార్కులు తక్కువొచ్చిన పిల్లలకు భయం పట్టుకుందా? ఈ టేబుల్ చెప్పలేదు. తెలుగులో మనకు "ప్రభావం" అన్న మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది, డిసర్టేషన్ పేరులోనే ఉంటుంది కూడా. ఫలితాల అధ్యాయంలో మాత్రం "ముడిపడి ఉంది", "అంచనా వేయడానికి తోడ్పడింది" అని రాయండి.

ఆరో పని: పిల్లలు 240 మంది, బడులు ఎనిమిదే

రిగ్రెషన్ ప్రతి పిల్లనూ విడి మనిషిగా లెక్కేస్తుంది. కానీ ఒకే బడిలోని 30 మందికి అదే హెడ్‌మాస్టరు, అదే లెక్కల టీచరు. వాళ్ల మార్కులు ఒకదానికొకటి కొంత దగ్గరగా ఉంటాయి. ఎంత దగ్గరో చెప్పే కొలత అంతర్వర్గ సహసంబంధం. అది 0.10 అనుకుంటే, శాంపిల్ ఎంత బరువు కోల్పోతుందో ఈ సూత్రం చెబుతుంది:

1 + (30 − 1) × 0.10 = 3.9

240 ని 3.9 తో భాగిస్తే సుమారు 62. బడుల మధ్య మాత్రమే మారే చరం విషయంలో మీ 240 మంది దాదాపు 62 మంది విడి పిల్లలతో సమానం. ప్రభుత్వ, ప్రైవేటు అన్నది సరిగ్గా అలాంటి చరం. ఒక బడిలో పిల్లలందరికీ అదే కోడ్. నిజంగా మీరు పోలుస్తున్నది నాలుగు బడులను ఇంకో నాలుగు బడులతో. కాబట్టి టేబుల్లోని 1.90 ప్రామాణిక దోషం ఉండాల్సిన దానికన్నా చిన్నది. మన ఉదాహరణలో బడి రకం ఎలాగూ సార్థకం కాలేదు కాబట్టి బయటపడ్డాం. మీ డేటాలో p విలువ 0.03 వచ్చి, "ప్రైవేటు బడులు మెరుగు" అని హెడ్డింగ్ పెట్టబోతుంటే ఆగండి. బహుళస్థాయి మోడల్ చేయడం సరైన దారే, కానీ ఎనిమిది బడులు దానికీ తక్కువే. ఎం.ఎడ్. స్థాయిలో చేయదగ్గది ఏమిటంటే, ఎనిమిది బడుల సగటు మార్కులను ఒక చిన్న టేబుల్లో విడివిడిగా చూపించడం. ఆ తేడా అంతా ఒక్క బడి వల్లే వస్తోందా అన్నది అక్కడే కంటికి కనిపిస్తుంది. టీచర్ సహాయం, చదివే గంటలు ఒకే బడిలో కూడా పిల్లను బట్టి మారతాయి కాబట్టి వాటికి ఈ దెబ్బ తక్కువగానే తగులుతుంది.

పరిమితుల దగ్గర ఈ వాక్యం చేర్చండి: "నమూనాలో బడుల సంఖ్య ఎనిమిది మాత్రమే కావడం, ఒకే బడి విద్యార్థుల మార్కుల మధ్య పోలిక ఉండే అవకాశం ఉండడం వల్ల, బడి రకానికి సంబంధించిన గుణకాన్ని, దాని ప్రామాణిక దోషాన్ని జాగ్రత్తగా చూడాలి." ఎగ్జామినర్ దాని గురించి అడిగితే, ఎనిమిది సగటుల టేబుల్ ఉన్న పేజీ నంబరు చెప్పండి.